పెళ్లి వీడియో ఫోన్‌లో బాగానే వస్తోంది, టీవీలో మాత్రం నాలుగు సెకన్లకోసారి ఆగుతోంది. ఫైల్ ఒక్కటే కదా?

కూకట్‌పల్లి_కిరణ్
అందరికీ నమస్తే. మా చెల్లి పెళ్లయి నెల దాటింది. వీడియోగ్రాఫర్ ఎడిటింగ్‌కి ఇంకా టైమ్ పడుతుందని, ముహూర్తం, తలంబ్రాల క్లిప్పులు కెమెరాలో ఉన్నవి ఉన్నట్టే హార్డ్ డిస్క్‌లో వేసి ఇచ్చాడు. అవన్నీ నా క్లౌడ్ స్టోరేజ్‌లోకి ఎక్కించాను (డబ్బు కట్టి తీసుకున్న అకౌంటే).

ఫోన్‌లో క్లౌడ్ యాప్ తెరిచి చూస్తే టక్కున ప్లే అవుతుంది. ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో మొదటిరోజు "ప్రాసెస్ అవుతోంది" అని చూపించింది, మర్నాటి నుంచి బాగానే వస్తోంది. టీవీలో అదే అకౌంట్‌ని ఫైల్ మేనేజర్ యాప్‌లో వెబ్‌డావ్‌తో, అంటే క్లౌడ్‌ని మామూలు ఫోల్డర్‌లా చూపించే పద్ధతిలో, కలిపి VLC తో తెరుస్తున్నాను. తలంబ్రాల క్లిప్ పెడితే నాలుగు సెకన్లు నడుస్తుంది, ఆగుతుంది, మళ్లీ రెండు సెకన్లు. అమ్మమ్మ "వాళ్లు పోస్తున్నారా, పోయకుండా నిలబడ్డారా" అని అడుగుతోంది.

టీవీ 4K, కొని రెండేళ్లు కూడా కాలేదు. స్పీడ్ టెస్ట్‌లో 200 వస్తోంది. క్లిప్ నిడివి 12 నిమిషాలు, సైజు 12.6 జీబీ. తప్పు టీవీదా, క్లౌడ్‌దా, నెట్‌దా?

స్పీడ్_సుబ్బు
బ్రో ఇది వైఫై ప్రాబ్లమే, ఇంకో మాట లేదు. రూటర్ హాల్లో ఉండి టీవీ బెడ్‌రూమ్‌లో ఉందా? ఫోన్‌లో 200 వస్తే టీవీలో 200 వస్తుందని రూలేం లేదు. లాన్ కేబుల్ లాగి టీవీకి గుచ్చు, దెబ్బకి సెట్. VLC సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ క్యాషింగ్ కూడా పెంచు, నేను 20 సెకన్లు పెట్టుకున్నా.

కూకట్‌పల్లి_కిరణ్
కేబుల్ వేశాను సుబ్బు. ముందు నాలుగు సెకన్లకి ఆగేది, ఇప్పుడు పది సెకన్లకి ఆగుతోంది. 20 సెకన్ల క్యాషింగ్ పెడితే మొదట్లో చాలాసేపు నల్లగా ఉండి, తర్వాత కాస్త నడిచి, మళ్లీ మామూలే.

లలిత_టీచర్
కిరణ్ గారూ, నాదీ ఇదే సమస్య. మావారు 2006లో ఇంట్లో ఉన్న సీడీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. త్యాగరాజ కీర్తనలు, భక్తి పాటలు, అన్నీ కలిపి 900 పైచిలుకు. ఇప్పుడు వాటిని క్లౌడ్‌లో పెడితే ఫోన్‌లో పేర్లు కనిపిస్తాయి, నొక్కితే పాట రాదు. మాకు నెట్ స్పీడ్ 50 మాత్రమే. పెంచుకుంటే వస్తాయంటారా?

డీకోడర్_దాసు
కిరణ్, మీ పోస్టులోనే సగం జవాబు ఉంది. 12.6 జీబీ అంటే దాదాపు 1,00,800 మెగాబిట్లు. 12 నిమిషాలంటే 720 సెకన్లు. భాగిస్తే సెకనుకి 140 మెగాబిట్లు. ఆ క్లిప్ ఆగకుండా నడవాలంటే క్లౌడ్ నుంచి టీవీ దాకా ప్రతి సెకనూ 140 రావాలి.

ఇప్పుడు కేబుల్ సంగతి. చాలా టీవీలకి, ఖరీదైన వాటికి కూడా, లాన్ పోర్టు 100 మెగాబిట్లదే ఉంటుంది. అందులో చేతికి దక్కేది 94 దాకా. మీ ప్లాన్ 200 అయినా, రేపు 1000 చేసుకున్నా, ఆ పోర్టు దగ్గర 94 దాటదు. అందుకే కేబుల్ వేస్తే కాస్త మెరుగైంది గానీ ఆగడం ఆగలేదు. సుబ్బు గారి సలహా మామూలు సినిమా ఫైళ్లకి సరిగ్గా సరిపోతుంది, ఈ ఫైల్‌కి కాదు. నిజానికి రూటర్ అదే గదిలో ఉంటే మీ టీవీకి కేబుల్ కంటే 5 గిగాహెర్ట్జ్ వైఫైయే ఎక్కువ ఇస్తుంది.

క్యాషింగ్ అంటే మేడ మీద వాటర్ ట్యాంకు లాంటిది. మోటార్ 60 ఎక్కిస్తుంటే కుళాయి 140 తోడేస్తోందనుకోండి, సెకనుకి 80 లోటు. 20 సెకన్ల వీడియో ముందే నింపుకున్నారంటే 2800 మెగాబిట్లు నిల్వ ఉన్నట్టు. 35 సెకన్లలో ట్యాంకు ఖాళీ. పెద్ద ట్యాంకు పెట్టడం అప్పుడప్పుడూ కరెంటు పోయే ఇంటికి పనికొస్తుంది, అంటే సగటు స్పీడ్ చాలినంత ఉండి మధ్యలో తడబడే కనెక్షన్‌కి. మోటారే చాలనప్పుడు ట్యాంకు ఎంత పెద్దదైనా ఎండిపోతుంది.

కూకట్‌పల్లి_కిరణ్
లెక్క అర్థమైంది దాసు గారూ. కానీ ఫోన్ కూడా అదే వైఫై మీదే కదా? దానికి 140 ఎక్కడి నుంచి వస్తోంది?

డీకోడర్_దాసు
దానికి 140 రావడం లేదు, అవసరమూ లేదు. ఫోన్‌లో మీరు చూస్తున్నది మీరు ఎక్కించిన ఫైల్ కాదు. మొదటిరోజు "ప్రాసెస్ అవుతోంది" అని కనబడింది కదా, ఆ టైమ్‌లో క్లౌడ్ వాళ్లు మీ క్లిప్‌ని చిన్నగా మార్చి ఒకటో రెండో నకళ్లు తయారుచేసుకున్నారు. యాప్, బ్రౌజర్ చూపించేది ఆ నకళ్లనే. వెబ్‌డావ్ దారిలో వచ్చే VLC కి ఆ నకళ్ల సంగతే తెలియదు, అది నేరుగా 12.6 జీబీ అసలు ఫైల్‌ని లాగుతుంది.

నమ్మకం కుదరకపోతే ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో `F12` నొక్కి `Network` తెరిచి, క్లిప్‌ని రెండు నిమిషాలు ఆడించి, కింద ఎన్ని ఎంబీ వచ్చాయో చూడండి. అసలు ఫైలే అయితే రెండు నిమిషాలకి 2000 ఎంబీ దాటాలి.

కూకట్‌పల్లి_కిరణ్
చూశాను. రెండు నిమిషాలకి 61 ఎంబీ! అంటే సెకనుకి నాలుగు మెగాబిట్లు. నెల రోజుల నుంచి "మా క్లిప్పులు 4K" అని అందరికీ గొప్పలు చెబుతున్నా 😐

మొబైల్_మస్తాన్
అన్నా వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ తగ్గదు. వీడియోగా పంపితేనే తగ్గిపోద్ది. నేను అన్నీ డాక్యుమెంట్‌గానే పంపిస్తా.

స్పీడ్_సుబ్బు
మస్తాన్ బ్రో, ఇక్కడ పంపించడం గురించి కాదు, టీవీలో చూడటం గురించి. అయినా 12 జీబీ వాట్సాప్‌లో ఎలా పోతుంది.

దాసు గారూ, లాన్ పోర్టు విషయం నాకు నిజంగా తెలియదు. ఇప్పుడే మా టీవీ మోడల్ స్పెక్ వెతికి చూశా, 100 అనే ఉంది. ఇన్నాళ్లూ వైర్‌దే రాజ్యం అనుకున్నా. సరే, ఇంకోటి. కెమెరా ఫైళ్లలో ఇండెక్స్ ఫైల్ చివర ఉంటుంది, దాన్ని ముందుకి తెస్తే స్ట్రీమింగ్ సాఫీగా వస్తుందని ఎక్కడో చదివా. ఫాస్ట్‌స్టార్ట్ అంటారు. అది చేస్తే సరిపోదా?

డీకోడర్_దాసు
విన్నది నిజమే, కానీ అది వేరే జబ్బుకి మందు. ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే పట్టిక ఎంపీ4 చివర ఉంటే, ప్లేయర్ ముందు తోకకి వెళ్లి దాన్ని చదువుకుని మళ్లీ తలకి రావాలి. దాంతో మొదలవడానికి ఆలస్యం అవుతుంది. ఫైల్‌ని ముక్కలుగా అడిగే వీలు సర్వర్ ఇవ్వకపోతే మొత్తం దిగాకే మొదలవుతుంది. కానీ ఒకసారి మొదలయ్యాక మధ్యలో ఆగడానికి దానికీ సంబంధం లేదు. నొక్కగానే రాక ఆలస్యమైతే పట్టికని అనుమానించండి, నడుస్తూ నడుస్తూ ఆగితే స్పీడ్‌నో, చిప్‌నో అనుమానించండి.

చిప్ సంగతి కిరణ్ విషయంలో ఇంకా తేలలేదు. 140 మెగాబిట్ల కెమెరా ఫైల్ అంటే నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. కిరణ్, హార్డ్ డిస్క్‌లో ఉన్న అసలు క్లిప్ మీద ఇది నడిపి వచ్చింది ఇక్కడ పెట్టండి:

```
ffprobe -v error -show_entries stream=codec_name,profile,pix_fmt,bit_rate -of compact C0042.MP4
```

తర్వాత ఆ క్లిప్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకే నేరుగా గుచ్చి చూడండి. నెట్‌ని దారిలోంచి తీసేసినట్టవుతుంది. అప్పుడూ తడబడితే నెట్‌ని తిట్టుకోవాల్సిన పని లేదు.

కూకట్‌పల్లి_కిరణ్
వచ్చింది ఇది. ఫైల్ పేరు మీరు రాసినట్టు కాదులెండి, మార్చి కొట్టాను.

```
stream|codec_name=h264|profile=High 4:2:2|pix_fmt=yuv422p10le|bit_rate=139871204
stream|codec_name=pcm_s16be|profile=unknown|bit_rate=1536000
```

పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కావడం లేదు, "ఫైల్ మరీ పెద్దది" అంటోంది. 64 జీబీ డ్రైవ్, మొత్తం ఖాళీగానే ఉంది.

డీకోడర్_దాసు
డ్రైవ్ FAT32 లో ఉంది, అందులో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు. దాన్ని ఫార్మాట్ చేయనక్కర్లేదు. కొన్ని టీవీలు exFAT చదవవు కూడా. ఒక్క నిమిషం ముక్క చాలు:

```
ffmpeg -ss 00:05:00 -i C0042.MP4 -t 60 -c copy mukka.mov
```

చివర `.mov` అనే ఉంచండి. శబ్దం కుదించకుండా ఉన్న పీసీఎమ్ కాబట్టి, మీది పాత వెర్షన్ అయితే `.mp4` అనగానే `codec not currently supported in container` అని మొండికేస్తుంది.

కూకట్‌పల్లి_కిరణ్
పెట్టి చూశాను. టీవీలో ఉన్న సొంత ప్లేయర్ అయితే "ఈ వీడియో ఫార్మాట్‌కు సపోర్ట్ లేదు" అంది, బొమ్మ అసలు రాలేదు. అదే ముక్క VLC తో తెరిస్తే వచ్చింది గానీ, పాతకాలం స్లైడ్ షోలా ఒక్కో ఫొటో పడుతున్నట్టు. నాదస్వరం మాత్రం చక్కగా వినిపిస్తోంది. పెళ్లికొడుకు చెయ్యి ఎత్తి, ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండగా తాళి కట్టడం అయిపోయింది. తాళి తర్వాతే తలంబ్రాలు కదా, ఇది ఏ క్లిప్పో కూడా నాకు గందరగోళంగా ఉంది.

డీకోడర్_దాసు
అదే నా అనుమానం. మీకు ఉన్నది రెండు జబ్బులు. మొదటిది దారి సన్నగా ఉండటం, అది పైన చూశాం. రెండోది ఈ ఫైల్‌ని విప్పే యంత్రం టీవీ చిప్‌లో లేకపోవడం.

టీవీ చిప్‌లో వీడియో విప్పడానికి విడిగా ఒక భాగం ఉంటుంది. అది కొన్ని రకాలే విప్పగలదు, కానీ అవలీలగా, వేడెక్కకుండా విప్పుతుంది. మీ ఫైల్ పేరుకి హెచ్264, అందరికీ తెలిసినదే. అందుకే "మా టీవీ హెచ్264 సపోర్ట్ చేస్తుందని బాక్స్ మీద రాసుంది కదా" అంటారు జనం. బాక్స్ మీద రాసినది 8 బిట్, 4:2:0 రకం గురించి. కెమెరా రాసింది 10 బిట్, 4:2:2. ఎడిటర్ రంగులు సరిదిద్దుకోవడానికి ఎక్కువ సమాచారం దాచుకునే రకం అది. `yuv422p10le` అన్న ఒక్క మాటలో అదంతా ఉంది. ఇళ్లలో ఉండే టీవీల్లో, చాలా ఫోన్లలో దాన్ని విప్పే యంత్రం ఉండదు.

తమాషా ఏంటంటే అదే టీవీ 10 బిట్ హెచ్ఈవీసీ 4:2:0 ని హాయిగా ఆడిస్తుంది, ఎందుకంటే ఓటీటీల్లో హెచ్‌డీఆర్ వచ్చేది ఆ రూపంలోనే. అంటే ఇక్కడ కొత్తదా పాతదా, గొప్పదా నాసిదా అన్నది కాదు లెక్క. చిప్ తయారుచేసినవాళ్లు ఏ రకం జనం వాడతారనుకున్నారో దానికే దారి వేశారు.

VLC ఏం చేసిందంటే, ఆ యంత్రం కాదనగానే మామూలు ప్రాసెసర్‌తో విప్పడానికి కూర్చుంది. టీవీల్లో ప్రాసెసర్ బలహీనంగా ఉంటుంది. 4K ఫ్రేములు అందుకోలేక వదిలేస్తూ పోతుంది. ధ్వని తేలిక కాబట్టి అది ఆగదు. ఒక్క చూపులో తేడా తెలియాలంటే ఇదే గుర్తు: బొమ్మా ధ్వనీ రెండూ కలిసి ఆగి, గుండ్రం తిరిగితే నెట్. ధ్వని సాగుతూ బొమ్మ కుంటితే చిప్.

ఫ్రేమ్_ఫణి
పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాడిగా ఒక మాట. కెమెరా క్లిప్పులు టీవీలో వేసుకుని చూడటానికి కాదండీ, మా టేబుల్ మీదకి పచ్చి కూరగాయల్లాంటివి. కస్టమర్ అడిగితే ఇస్తాం గానీ, ఇలా మార్చుకోండి అని ఎవరూ చెప్పరు, అది మా తప్పే. చూసుకోవడానికి వేరే కాపీ చేసుకోండి, అసలువి మాత్రం చెరపకండి.

```
ffmpeg -i C0042.MP4 -vf scale=1920:-2 -c:v libx264 -crf 20 -preset slow -pix_fmt yuv420p -c:a aac -b:a 192k -movflags +faststart talambralu.mp4
```

ఇందులో `-pix_fmt yuv420p` మర్చిపోతే చేసిందంతా వృథా. అది రాయకపోతే కొత్త ఫైల్ కూడా 10 బిట్ 4:2:2 లోనే తయారవుతుంది, సైజు తగ్గుతుంది గానీ టీవీ మళ్లీ కాదంటుంది. 4K యే కావాలంటే `scale` తీసేసి, `libx265` పెట్టి, `yuv420p10le` ఇవ్వండి. మామూలు ల్యాప్‌టాప్ మీద అది రాత్రంతా పడుతుంది, చెప్పలేదనొద్దు.

కూకట్‌పల్లి_కిరణ్
ఫణి గారూ, ఒక క్లిప్ చేశాను. 12.6 జీబీది 1.1 జీబీ అయింది. సెకనుకి సుమారు 12 మెగాబిట్లు. వెబ్‌డావ్‌లోనే, కేబుల్ తీసేసి పాత వైఫై మీద పెట్టినా ఒక్కసారి ఆగలేదు. అమ్మమ్మ మూడుసార్లు చూసింది. "ఫలానావాళ్లు రాలేదేంటి" అని కొత్త గొడవ మొదలైంది.

ఒక్కటే సందేహం. రంగులు పాలిపోయినట్టున్నాయి, పట్టుచీర ఎరుపు ఉతికి ఉతికి వెలిసినట్టు కనిపిస్తోంది. మార్చడంలో ఏమైనా పోయిందా?

ఫ్రేమ్_ఫణి
క్లౌడ్ యాప్‌లో అదే క్లిప్ ఎలా ఉండేది?

కూకట్‌పల్లి_కిరణ్
ఇప్పుడు చూస్తే అక్కడా అలాగే ఉంది. మండపం లైటింగ్ అనుకున్నా ఇన్నాళ్లూ.

ఫ్రేమ్_ఫణి
అయితే మార్చడంలో పోయింది కాదు, లాగ్‌లో తీసుంటారు. ఎడిట్‌లో రంగు దిద్దుతారని ముందే అలా చప్పగా తీస్తాం. సరిచేయాలంటే ఆ కెమెరా ఏ లాగ్‌లో తీసిందో తెలియాలి, వీడియోగ్రాఫర్‌నే అడగండి. ఊహించి వేరే లట్, అంటే రంగులు మార్చే పట్టిక, వేస్తే మొహాలు నారింజపండ్లలా అవుతాయి.

లలిత_టీచర్
నా పాటల గురించి ఎవరూ చెప్పలేదు 🙂

డీకోడర్_దాసు
క్షమించండి మేడమ్. మీది స్పీడ్ సమస్య కాదు, ప్లాన్ పెంచుకోకండి. పాటకి 50 లో ఒక్క వంతు కూడా అక్కర్లేదు. ఫైల్ పేరు చివర ఏముందో చూడండి. 2006లో విండోస్‌లో సీడీ ఎక్కించారంటే చాలావరకు `.wma` అయ్యుంటుంది.

లలిత_టీచర్
అవునండీ, అన్నీ అవే. ఒకటి రెండు ఎంపీ3 లు ఉన్నాయి, అవి మాత్రం పలుకుతున్నాయి.

డీకోడర్_దాసు
బ్రౌజర్లు, ఐఫోన్ `.wma` ని పట్టించుకోవు. VLC యాప్ వేసుకుని అందులోంచి తెరిస్తే పలుకుతాయి. కలకాలం ఉండాలంటే ఎంపీ3 కో ఏఏసీకో మార్చుకోండి. ఒకసారి నష్టపోయిన ఫైల్‌ని మళ్లీ నష్టపరుస్తున్నాం కాబట్టి 192 కిలోబిట్ల కన్నా తగ్గించకండి, సీడీలు ఇంకా ఇంట్లో ఉంటే వాటి నుంచే మళ్లీ ఎక్కించడం అన్నిటికన్నా మంచిది. ఇంకో చిక్కు: అప్పట్లో ఆ ప్లేయర్‌లో కాపీ రక్షణ అనే టిక్కు ఒకటి ఉండేది. అది ఉండగా ఎక్కించినవైతే ఆ పాత కంప్యూటర్‌లోని లైసెన్స్ లేకుండా VLC కూడా విప్పలేదు. మార్చడానికి ముందు పది పాటలు తెరిచి చూడండి.

లలిత_టీచర్
పదింటిలో ఏడు పలికాయి. మిగతా మూడూ ఒకే సీడీవి. ఆ సీడీ మా ఆడపడుచు తీసుకెళ్లింది, అడగాలంటే మొహమాటం.

గుంటూరు_మామ
బాబూ దాసూ, నాదొక కేసు. నేను క్లౌడ్‌కి డబ్బు కట్టను, ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద సినిమాలు పంచే జెల్లీఫిన్ సర్వర్ పెట్టుకున్నా. మా అమ్మాయి డల్లాస్ నుంచి చూస్తుంది. ఇక్కడ అప్‌లోడ్ 100 వస్తోంది, తనకి డౌన్‌లోడ్ 500. అయినా 8 మెగాబిట్ల సినిమా కూడా ఆగి ఆగి వస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయికి మాత్రం బ్రహ్మాండం.

డీకోడర్_దాసు
మామగారూ, జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డ్‌లో అమ్మాయి చూస్తుండగా `Direct playing` అని ఉందా, `Transcoding` అని ఉందా? రెండోది అయితే మీ పాత డెస్క్‌టాప్ మార్చలేక ఆయాసపడుతున్నట్టు. మొదటిది అయితే దారి చూడాలి. ఇంటికి బయటి నుంచి ఎలా వస్తోంది, రూటర్‌లో పోర్ట్ తెరిచారా, టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేట్ నెట్‌వర్కా?

గుంటూరు_మామ
`Direct playing` అనే ఉంది. టెయిల్‌స్కేల్. పోర్ట్ తెరుద్దామంటే మా నెట్ వాళ్లు ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి పంచుతున్నారట, కుదరదన్నారు.

డీకోడర్_దాసు
అమ్మాయి చూస్తున్నప్పుడు డెస్క్‌టాప్ మీద `tailscale status` కొట్టి, ఆమె పరికరం వరసలో `direct` ఉందో `relay` ఉందో చూడండి. రిలే అయితే మీ సినిమా నేరుగా డల్లాస్ వెళ్లడం లేదు, మధ్యలో పదిమందితో పంచుకునే ఒక సర్వర్ మీదుగా వెళ్తోంది. అక్కడ మీ 100, తన 500 రెండూ లెక్కలోకి రావు. డైరెక్ట్ అయినా దూరం ఒక ఖర్చే. స్పీడ్ టెస్ట్ మీకు పక్క ఊరి సర్వర్‌తో కొలుస్తుంది. డల్లాస్‌కి వెళ్లి రావడానికి పావు సెకను దాకా పడుతుంది, ప్రతి విడతకీ "అందింది" అన్న జవాబు కోసం అంతసేపు ఆగాలి. ఆ మధ్యలో ఒక్క ప్యాకెట్ పోయినా ఒకే కనెక్షన్ మీద స్పీడ్ ఢామ్మని పడి, నెమ్మదిగా లేస్తుంది.

స్పీడ్_సుబ్బు
మామా, అమ్మాయి వైపు యాప్‌లో క్వాలిటీ 4 మెగాబిట్లకి తగ్గించి చూడమనండి.

డీకోడర్_దాసు
అలా చేస్తే డెస్క్‌టాప్ అప్పటికప్పుడు మార్చి పంపాలి సుబ్బు గారూ. పాత మెషీన్ అన్నారు కదా, బఫరింగ్ డల్లాస్ నుంచి గుంటూరుకి మారుతుందేమో. చూడటంలో తప్పులేదు.

గుంటూరు_మామ
చూశా. `relay` అనే వస్తోంది. 4 మెగాబిట్లు పెడితే డెస్క్‌టాప్ ఫ్యాన్ మిక్సీలా అరుస్తోంది, మీ అత్త వంటింట్లోంచి వచ్చి చూసి వెళ్లింది. మా రూటర్‌లో ఐపీవీ6 అని ఒకటి ఆఫ్‌లో ఉంది. అది ఆన్ చేస్తే డైరెక్ట్ అవుతుందంటావా?

డీకోడర్_దాసు
అమ్మాయి ఇంట్లో కూడా ఐపీవీ6 ఉంటే అవకాశం ఉంది. ఆన్ చేసి రూటర్ ఒకసారి రీస్టార్ట్ చేయండి.

గుంటూరు_మామ
అక్కడ ఇప్పుడు తెల్లవారుజాము. అది లేచాక చేసి చెబుతా.